నిర్గమ 15:9 - "తిమ్లాఏమో నఫ్షీ", "తోరీషేమో యాదీ"... ఎవరు ఎవరిని? ప్రత్యయాలు విడగొట్టడంలో సాయం కావాలి

కడప_చదువరి
అందరికీ నమస్కారం. సొంతంగా హీబ్రూ నేర్చుకుంటున్నాను, గురువంటూ ఎవరూ లేరు, పుస్తకం, ఫోనూ అంతే. వచనం మామూలుగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తున్నా కానీ పాట వస్తే కాళ్ళు తడబడుతున్నాయి. ఇప్పుడు ఎర్ర సముద్రం దాటాక పాడిన పాటలో, నిర్గమకాండం 15లో 9వ వచనం దగ్గర ఆగిపోయా. శత్రువు బీరాలు పలికే చోటు అది. నాకు వినిపించినట్టు తెలుగులో రాస్తున్నా:

అమర్ ఓయేవ్, ఎర్దోఫ్, అస్సీగ్, అఖల్లేక్ షాలాల్, తిమ్లాఏమో నఫ్షీ, ఆరీక్ ఖర్బీ, తోరీషేమో యాదీ.

మొదటి సగం పర్లేదు. శత్రువు అన్నాడు, తరుముతా, పట్టుకుంటా, దోపుడు సొమ్ము పంచుతా. నఫ్షీ అంటే నా ప్రాణం, ఖర్బీ నా కత్తి, యాదీ నా చెయ్యి, ఇక్కడిదాకా ఓకే, చివర ఈ వస్తే "నా" అని పట్టేశా. చిక్కంతా తిమ్లాఏమో, తోరీషేమో దగ్గరే. ముందు "త్" ఉంది కాబట్టి "నువ్వు" అనుకున్నా, చివర "ఏమో" అంటే "వాళ్ళ" అనుకున్నా, మరి అప్పుడు "నువ్వు నింపుతావు వాళ్ళ నా ప్రాణం" అని వస్తోంది, దానికి తలా తోకా లేదు. ఒక్క వచనంలో ఇన్ని తోకలు ఏంటండీ, ఎవరైనా ఒక్కొక్కటీ విప్పి చెప్పండి ప్లీజ్.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా చదువరీ, నేను సంస్కృతం చెప్పినవాణ్ణి, హీబ్రూ రిటైరయ్యాక మొదలుపెట్టాను. సంస్కృతంలో మే, తే, నః లాంటి పొట్టి రూపాలు లేవూ, ఇవీ అలాంటివే, కాకపోతే మాటకి అతుక్కుపోయాయి. ఈ అంటే నా, ఏమో అంటే వాళ్ళ. నీ దగ్గర పొరపాటు అల్లా ఒకటే, నఫ్షీని సంబోధనగా తీసుకోవాలి. "ఓ నా ప్రాణమా, నువ్వు వాళ్ళతో నిండుతావు" అని శత్రువు తన ప్రాణంతోనే మాట్లాడుతున్నాడు. కీర్తనల్లో కూడా "నా ప్రాణమా" అని పిలవడం ఉంది కదా. అలాగే "ఓ నా చెయ్యీ, నువ్వు వాళ్ళని నాశనం చేస్తావు". సరిపోయింది.

హైఫా_అక్క
నేను ఇజ్రాయెల్లో కేర్‌గివర్‌గా చేస్తున్నా, మాది పశ్చిమ గోదావరి. ఇక్కడ ఎవరూ ఇలా మాట్లాడరమ్మా, తిమ్లాఏమో అని షాపులో అంటే నవ్వుతారు. వాళ్ళని అనడానికి "ఓతామ్" అని విడిగా అంటాం. నా చెయ్యి అంటే యాదీ అని కూడా అనరు, "హయాద్ షెల్లీ" అంటారు. మీరు మాట్లాడే హీబ్రూ నేర్చుకుంటే ఈ తోకల గొడవ చాలా తగ్గిపోతుంది. నేను వచ్చి నాలుగు మాటలు నేర్చుకున్నది అలాగే.

కడప_చదువరి
అక్కా, థాంక్స్ అండి, కానీ నాకు మాట్లాడ్డం కాదు, ఈ పాటని పాటగా చదవడం కావాలి.
మాస్టారూ, సంబోధన అనేది బాగుంది, అర్థం కూడా కుదురుతోంది. అదే రాసేసుకోనా?

పాతలిపి
ఆగండి, అప్పుడే రాసేసుకోకండి. మాస్టారి ఆలోచనలో అర్థం దాదాపు సరైన చోటికే చేరింది గానీ రూపం ఒప్పుకోదు. ఎందుకో చెప్తా.

నెఫెష్ అనే మాట హీబ్రూలో స్త్రీలింగం. యాద్ కూడా స్త్రీలింగమే. స్త్రీలింగాన్ని "నువ్వు" అని పిలిచి "నిండుతావు" అనాలంటే క్రియ తిమ్లా అని ఉండదు, చివర ఈ చేరి తిమ్లెఈ అవుతుంది. ఇక్కడ ఆ ఈ లేదు. కాబట్టి ప్రాణాన్ని పిలవడం లేదు. ఇక మగవాణ్ణి "నువ్వు" అన్నా తిమ్లాయే, అది నిజమే, కానీ ఈ వచనంలో శత్రువు ఎదురుగా ఉన్న ఏ మగవాడితోనూ మాట్లాడట్లేదు, అన్నీ నేను నేను నేను. మిగిలింది ఒకటే దారి. ఆ "త్" అనేది "ఆమె, అది" అని స్త్రీలింగ కర్తని కూడా సూచిస్తుంది. రెండింటికీ రూపం ఒకటే, హీబ్రూ నేర్చుకునేవాళ్ళంతా ఏదో ఒకరోజు ఇక్కడ చిక్కుకుంటారు. కర్త ఎక్కడుంది అంటే పక్కనే ఉంది, నఫ్షీ. "నా ప్రాణం నిండుతుంది". అలాగే "నా చెయ్యి ... చేస్తుంది".

అంటే చదవాల్సిన వరస ఇది. క్రియకి ముందున్న అక్షరం కర్తని చెప్తుంది. క్రియకి చివరున్న తోక ఆ పని తగిలినవాళ్ళని చెప్తుంది. నామవాచకం చివరున్న తోక ఆ వస్తువు ఎవరిదో చెప్తుంది. మీకు గందరగోళం వచ్చింది ఎక్కడంటే ఏమోని నామవాచకం మీద తోకలాగా "వాళ్ళ" అని చదివారు. అదే తోక క్రియ మీద ఉంటే "వాళ్ళని".

రిటైర్డ్_మాస్టారు
పాతలిపి గారూ, స్త్రీలింగం సంగతి సరే. కానీ ఏమో అంటే "వాళ్ళ" అని నేను ఊరికే అనలేదు, 2వ కీర్తన 3వ వచనంలో మోసెరోతేమో అంటే "వాళ్ళ కట్లు" అనే కదా.

పాతలిపి
అవును మాస్టారూ, అక్కడ అది నామవాచకం మీద ఉంది, కాబట్టి "వాళ్ళ కట్లు". రూపం ఒకటే, తగులుకున్న చోటుని బట్టి పని మారుతుంది. "నేను"కి మాత్రం హీబ్రూ రెండు వేర్వేరు తోకలు పెట్టుకుంది, నామవాచకానికి ఈ, క్రియకి నీ. 23వ కీర్తన చివర్లో యిర్దెఫూనీ అంటే "నన్ను వెంటాడతాయి". మన వచనంలో శత్రువు తనని తాను "నన్ను" అని ఎక్కడా అనలేదు, అన్నీ "నా" మాత్రమే, అందుకే మూడుచోట్లా ఒట్టి ఈ. "వాళ్ళు" దగ్గరకొచ్చేసరికి ఆ తేడా రూపంలో కనపడదు, మనమే మాట ఏ జాతిదో చూసుకోవాలి.

రాజోలు_బాబు
బ్రదర్స్, నేను బైబిల్ కాలేజీలో సెకండియర్. మా దగ్గర వాడే ఓపెన్ డేటాలో ప్రతి మాటకీ కోడ్ ఉంటుంది. ఈ రెండు క్రియలకీ ఖర్బీకీ ఇలా ఉంది:

```
timla'emo   HVqi3fs/Sp3mp
charbi      HNcfsc/Sp1cs
torishemo   HVhi3fs/Sp3mp
```

గీతకి ముందుది మాట, తర్వాతది తోక. 3fs అంటే స్త్రీలింగం "అది", 3mp అంటే "వాళ్ళు". పాతలిపి గారు చెప్పిందే ఇక్కడా ఉంది. కానీ నాకో డౌటు. ఖర్బీ కూడా స్త్రీలింగమే అని కోడ్ చెప్తోంది. మరి నఫ్షీ, యాదీ కర్తలైతే మధ్యలో ఖర్బీ కూడా కర్తే కావాలి కదా, "నా కత్తి ఖాళీ అవుతుంది" అన్నట్టు? మూడూ ఒకే వరసలో ఉన్నాయి, క్రియ ముందు, నామవాచకం వెనక.

పాతలిపి
బాబూ, మంచి ప్రశ్న. క్రియ మొదటి అక్షరం చూడు. ఆరీక్ అలెఫ్‌తో మొదలవుతుంది, అలెఫ్ అంటే "నేను". కత్తే కర్త అయితే తారీక్ అని ఉండేది. కాబట్టి "నేను ఖాళీ చేస్తా, నా కత్తిని", అంటే ఒరలోంచి దూస్తా. కర్త మళ్ళీ శత్రువే, కత్తి అతని చేతిలోని వస్తువు.

అసలు ఈ వచనం మొదట్లో వరసగా అయిదు మాటలు అలెఫ్‌తోనే మొదలవుతాయి, అమర్, ఓయేవ్, ఎర్దోఫ్, అస్సీగ్, అఖల్లేక్. అందులో మొదటి రెండూ "నేను" కాదు, "అన్నాడు", "శత్రువు". అయినా చెవికి ఆ వరస అంతా ఒకటే దెబ్బలాగా పడుతుంది. ఆ తర్వాత కర్త "నేను" నుంచి "నా ప్రాణం"కి జరుగుతుంది, మళ్ళీ "నేను"కి వస్తుంది, మళ్ళీ "నా చెయ్యి"కి వెళ్తుంది. తోకలు సరిగ్గా విడగొడితేనే ఈ ఊపు కనపడుతుంది, అందుకే నాకీ వచనం అంటే ప్రాణం.

నీలిసిరా
నాకు వ్యాకరణం అంతగా రాదు, కవిత్వం చదివేదాన్ని. ఒకటి అడగొచ్చా. "వాళ్ళని" అంటున్నారు సరే, ఈ వచనంలో "వాళ్ళు" అనదగినవాళ్ళు ఎవరూ లేరు కదా? ఉన్నది దోపుడు సొమ్ము ఒక్కటే. మరి ఆ ఏమో సొమ్ముని అన్నట్టు కాదా? "సొమ్ముతో నా కడుపు నిండుతుంది" అంటే చక్కగా ఉంది.

కడప_చదువరి
నేనూ అదే అడుగుదామనుకున్నా నీలిసిరా గారూ!

పాతలిపి
షాలాల్ ఏకవచనం, పుంలింగం. దాన్ని ఉద్దేశించి ఉంటే "దాన్ని" అనే తోక రావాలని మామూలు లెక్క. ఏమో బహువచనం. ఇంకోటి, రెండో ఏమో తోరీషేమోలో ఉంది, అక్కడ చెయ్యి నాశనం చేసేది సొమ్ముని కాదు, మనుషుల్నే. ఒకే వచనంలో రెండు ఏమోలూ ఒకరినే చూపిస్తున్నాయి అనుకోవడం సహజంగా ఉంటుంది. ఆ మనుషులు, అంటే పారిపోతున్న ఇశ్రాయేలీయులు, వచనంలో పేరుతో లేరు నిజమే, శత్రువు మనసులో ఉన్నారు. ఎర్దోఫ్, అస్సీగ్ తర్వాత కూడా ఎవర్ని అని చెప్పలేదు గమనించారా. "తరుముతా, పట్టుకుంటా" అని వదిలేశాడు. తోక మొదటిసారి తగిలేది ప్రాణం నిండే దగ్గరే.

అయితే సొమ్ము అంటే చాలా వస్తువుల గుంపు కదా, అర్థాన్ని బట్టి బహువచనం వేశారు అని ఎవరైనా అంటే ఖచ్చితంగా కాదని కొట్టిపారేయలేను. హీబ్రూ ఆ తోకలో మనుషులా వస్తువులా అనే తేడా చూపించదు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం వాళ్ళా, అవా, ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

రిటైర్డ్_మాస్టారు
సరే, ఇంకో అడ్డు చెప్తాను. తిమ్లా అంటే "నిండుతుంది", అది అకర్మకం. అకర్మక క్రియకి "వాళ్ళని" అనే కర్మ ఎలా అతుకుతుంది? "నా ప్రాణం వాళ్ళని నిండుతుంది" అంటే ఏ భాషలోనూ కుదరదు. అందుకే నేను "వాళ్ళతో" అన్నాను. ఆ "తో" ఎక్కడినుంచి వచ్చింది?

పాతలిపి
మాస్టారూ, ఈ ప్రశ్న 900 ఏళ్ళకు పైగా ఉంది. ఫ్రాన్స్‌లోని త్రువాలో ఉన్న యూదు వ్యాఖ్యాత రాషీ, 1105లో చనిపోయాడు, ఈ మాట దగ్గరే ఆగి, తిమ్లాఏమో అంటే తిమ్మాలే మెహెమ్, "వాళ్ళతో నిండుతుంది" అని విప్పాడు. రెండు మాటలు ఒక మాటలో కలిసిపోయాయని ఆశ్చర్యపడొద్దు, ఇలాంటివి ఇంకా ఉన్నాయని సాక్ష్యాలు కూడా ఇచ్చాడు. అందులో ఒకటి యెహోషువ 15:19. కాలేబు కూతురు తండ్రితో నెతత్తానీ అంటుంది. తోక చూస్తే "నన్ను ఇచ్చావు", అర్థం "నాకు ఇచ్చావు". అంటే క్రియ మీది తోక ప్రతిసారీ "ని" కాదు, ఒక్కోసారి "కి", ఒక్కోసారి "తో".

ఈ మాటకి ఇంకో దగ్గరి సాక్ష్యం యెషయా 1:15. యెదేఖెమ్ దామీమ్ మాలేఊ, "మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి". అక్కడ రక్తం అనే మాటకి "తో" అనే విభక్తి ఏదీ లేదు, ఒట్టి దామీమ్. నిండటం అనే క్రియ తనలో నిండినదాన్ని అలా నేరుగా పక్కన పెట్టుకోగలదు. మన వచనంలో దామీమ్ కూర్చున్న చోట ఏమో కూర్చుంది, అంతే తేడా.

రిటైర్డ్_మాస్టారు
యెషయా ఉదాహరణ నచ్చింది. రాషీ చెప్పిన నెతత్తానీ మాత్రం నాకు అంతగా ఆనలేదు, ఇవ్వడం అనే క్రియకి ఇద్దరు కావాలి, నిండటం వేరు. మీరు చెప్పేది రూపానికి సరిపోతోంది కాబట్టి ఒప్పుకుంటాను. సంబోధన మాట మాత్రం కవిత్వంగా ఇప్పటికీ నాకు అందంగానే ఉంది.

హైఫా_అక్క
ఇప్పుడు అర్థమైంది మీరు అడిగేది ఆ పాట గురించని. నేను చూసుకునే తాతగారు రోజూ పొద్దున్న ప్రార్థన పుస్తకంలో ఇది చదువుతారు, మొత్తం పాట. నాకు అందులో ఏమో, ఏమో అని వినపడుతూ ఉంటుంది, అదేదో రాగం కోసం చేర్చారనుకున్నా. ఇది మాటలో భాగమా లేక రాగం కోసమా?

పాతలిపి
అక్కా, మీ చెవి మంచిది. మాటలో భాగమే, కానీ పాటకే వాడే భాగం. మామూలు వచనంలో అయితే తిమ్లాఏమ్ అని మెమ్ దగ్గర ఆగిపోతుంది. కవిత్వంలో ఆ మెమ్ తర్వాత ఓ చేరి ఏమో అవుతుంది. అర్థంలో తేడా లేదు, ఒక అక్షరం ఎక్కువ, నొక్కు ఏ మీద పడుతుంది కాబట్టి పాదం సాగుతుంది. ఈ పాట మొత్తంలో క్రియల మీద ఈ రకం తోక 9 చోట్ల వస్తుంది, అందులో 5వ వచనంలో మాత్రం యెఖస్యూమూ అని, మో బదులు మూ ఉంటుంది. అదే పాట 16వ వచనంలో "వాళ్ళ మీద" అనడానికి మామూలు రూపం అలేహెమ్ వాడారు, అంటే కవికి రెండూ తెలుసు.

ఏమో అని ఒకచోట, ఆమో అని ఇంకోచోట వినిపిస్తే కంగారు పడకండి. 10వ వచనంలో కిస్సామో, "సముద్రం వాళ్ళని కప్పేసింది". కిస్సా అనే క్రియ అయిపోయిన పనిని చెప్పే రూపం, దానికి ఆ అచ్చు. తిమ్లా లాంటి ముందక్షరం ఉన్న రూపాలకి ఏ అచ్చు. తోక అదే.

రాజోలు_బాబు
మా లెక్చరర్ ఒకసారి అన్నారు, ఆ మో అసలు "వాళ్ళు" కాదు, ఊరికే నొక్కి చెప్పడానికి చేర్చే పాత మకారం అని కొందరు పండితులు అంటారని. ఉగరిట్ భాషలో అలాంటిది ఉందట. అది నిజమైతే "వాళ్ళు ఎవరు" అనే ప్రశ్నే ఉండదు కదా?

పాతలిపి
ఆ వాదన ఉంది. 1929లో సిరియా తీరాన రాస్ షమ్రాలో ఉగరిట్ పలకలు బయటపడ్డాక, హీబ్రూ కవిత్వంలో అర్థం చిక్కని మకారాల్ని చాలాచోట్ల అలా వివరించారు. పాత గ్రీకు అనువాదం కూడా ఇక్కడ "నా ప్రాణాన్ని నింపుకుంటా", "నా చెయ్యి ఏలుతుంది" అన్నట్టు ఉంది, "వాళ్ళని" అనే మాట రెండుచోట్లా కనపడదు. ఆ వాదనకి అది బలంగా తీసుకోవచ్చు. కానీ గ్రీకువాళ్ళు "నా కత్తితో చంపుతా" అని కూడా రాశారు, హీబ్రూలో ఉన్నది కత్తి దూయడం. అంటే వాళ్ళు మాటకి మాట వెయ్యకుండా సర్దుకున్నారు, అలాంటి అనువాదంలో తోక కనపడకపోతే హీబ్రూలోనే లేదని అనుకోలేం. నాకైతే పాట అంతటా మిగతా చోట్ల మో "వాళ్ళని" అనే ఉన్నప్పుడు ఇక్కడ మాత్రం కాదనడానికి కారణం చాలదు. దీన్ని తేలిందని మాత్రం అనను.

కడప_చదువరి
ఇప్పుడు నేను సొంతంగా ఒకటి ప్రయత్నిస్తా, తప్పుంటే చెప్పండి. అదే పాట 12వ వచనం, నాతీతా యెమీన్ఖా తివ్లాఏమో ఆరెత్స్. "నీ కుడిచెయ్యి చాపావు". తర్వాత తివ్లాఏమో, త్ ఉంది, ఏమో ఉంది. ముందు "నువ్వు చాపావు" ఉంది కాబట్టి "నువ్వు వాళ్ళని మింగావు" అని అనిపిస్తుంది. కానీ పక్కన ఆరెత్స్, భూమి, స్త్రీలింగం. కాబట్టి "భూమి వాళ్ళని మింగింది". యెమీన్ఖాలో ఖా అంటే "నీ". కరెక్టేనా?

పాతలిపి
నూటికి నూరుపాళ్ళు. దీన్ని నమ్మకంగా పరీక్షించుకోవాలంటే 7వ వచనం చూడండి. తెషల్లఖ్ ఖరోన్ఖా, యోఖ్లేమో కక్కాష్. "నీ కోపాన్ని పంపుతావు, అది వాళ్ళని పొట్టులా కాల్చేస్తుంది". అక్కడ కర్త ఖరోన్, కోపం, పుంలింగం, అందుకే త్ కాదు, యోద్. 15వ వచనంలో యోఖజేమో రాఅద్, "వణుకు వాళ్ళని పట్టుకుంది", రాఅద్ కూడా పుంలింగం, అక్కడా యోద్. కర్త లింగం మారితే ముందక్షరం మారుతోంది, వెనక తోక మాత్రం కదలట్లేదు. తిమ్లాఏమో, తోరీషేమో, తివ్లాఏమోల్లో త్ "నువ్వు" కాదని దీనితో గట్టిపడుతుంది.

ఇప్పుడు 17 కూడా చెయ్యండి, అక్కడ ఒక మెలిక ఉంది. తెవిఏమో వెతిత్తాఏమో బెహార్ నఖలాత్ఖా.

కడప_చదువరి
తెవిఏమో, తీసుకురావడం. తిత్తాఏమో, నాటడం. బెహార్, కొండమీద. నఖలాత్ఖా, నీ స్వాస్థ్యం. పక్కన స్త్రీలింగ కర్త కోసం వెతికితే... నఖలా స్త్రీలింగమే కానీ అది "కొండ మీద" అనే దానికి తగులుకుని ఉంది, అది తీసుకురాలేదు. కాబట్టి ఇక్కడ త్ నిజంగా "నువ్వు". "నువ్వు వాళ్ళని తీసుకొస్తావు, నాటుతావు, నీ స్వాస్థ్యపు కొండమీద". చివరి ఖా కూడా "నీ" కాబట్టి కుదురుతోంది.

నీలిసిరా
అబ్బ, 9లో శత్రువు నోట్లో ఉన్న "వాళ్ళని", 17లో దేవుడు నాటే "వాళ్ళని" ఒకరేనన్నమాట! అదే తోక. 10లో కిస్సామో మాత్రం శత్రువుల్ని. ఒకే శబ్దం ఎవరెవరి మీదికి తిరుగుతోందో చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

రిటైర్డ్_మాస్టారు
తోరీషేమో అర్థం ఎవరూ చెప్పలేదు. యారష్ అంటే వారసత్వంగా పొందడం కదా, దాని ప్రేరణ రూపం "వారసులుగా చేస్తుంది" కావాలి. "నా చెయ్యి వాళ్ళని వారసుల్ని చేస్తుంది" అని శత్రువు ఎందుకంటాడు?

పాతలిపి
ఆ రూపం చాలాచోట్ల "ఉన్నదాన్నుంచి వెళ్ళగొట్టడం" అనే అర్థంలో వస్తుంది, అంటే ఇంకొకరు ఆక్రమించేలా ఖాళీ చేయించడం. సంఖ్యాకాండం 14:12లో దేవుడు ఇదే క్రియని తెగులు పక్కన వాడాడు, అక్కడ "నిర్మూలం చేస్తా" అన్నంత గట్టిగా ఉంది. రాషీ మాత్రం పేదరికం అనే అర్థం పట్టుకుని "వాళ్ళని దరిద్రుల్ని చేస్తుంది" అన్నాడు, 1 సమూయేలు 2:7లో మోరీష్ అంటే పేదవాణ్ణి చేసేవాడు కదా, దాన్ని సాక్ష్యం పెట్టి. దోపుడు సొమ్ము మాట ముందే ఉంది కాబట్టి అదీ నప్పుతుంది. కత్తి దూసిన వెంటనే వస్తోంది కాబట్టి చంపడం కూడా నప్పుతుంది. నేను "నిర్మూలం" వైపు మొగ్గుతాను.

రిటైర్డ్_మాస్టారు
నేను రాషీ వైపు. పారిపోయినవాళ్ళు ఐగుప్తు బంగారం, వెండి పట్టుకుపోయారు, 12వ అధ్యాయంలో ఉంది. అది తిరిగి లాక్కోవాలనే కదా ఈ తరమడం.

రాజోలు_బాబు
మాస్టారూ, కానీ 14వ అధ్యాయంలో ఫరో బాధపడింది పనివాళ్ళు పోయారని, బంగారం మాట లేదు. దాసులు కావాల్సినవాడు నిర్మూలం ఎందుకు చేస్తాడు మరి? రెండూ ఇరకాటంగానే ఉన్నాయి. సోమవారం మా లెక్చరర్‌ని అడిగి వచ్చి రాస్తా.